కుష్టు క్రిమిని ఎవరూ కల్చర్‌లో పెంచలేదు, మరి జబ్బుకి కారణం అదేనని ఎలా తెలిసింది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం జిల్లాలో లాబ్ టెక్నీషియన్‌గా పనిచేసినన్నాళ్లూ నా మైక్రోస్కోపు కింద ఎక్కువగా నడిచినవి రెండే స్లైడ్లు. ఒకటి టీబీ కఫానిది, రెండోది చర్మం గీకి తీసిన కుష్టు స్మియర్‌ది. రెండు క్రిములకూ ఒకే రంగు వేస్తాం, రెండూ నీలం నేపథ్యం మీద ఎర్రటి సన్న పుల్లల్లా కనిపిస్తాయి. టీబీ క్రిమిని 1882లోనే సీసాలో పెంచారు, ఇలా పెంచడాన్నే కల్చర్ అంటాం. కుష్టు క్రిమిని ఈరోజుకీ ఎవరూ పెంచలేకపోయారు. ఈ తేడా గురించి ల్యాబ్ కోర్సు పిల్లలు అడిగిన ప్రశ్నలు, రోగుల ఇంటివాళ్లు వరండాలో నిలబడి అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను.

కోచ్ సూత్రాలు అంటే ఏమిటి?

ఫలానా సూక్ష్మజీవి వల్లే ఫలానా జబ్బు వస్తోందని చెప్పాలంటే ఏమేం చూపించాలో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ పెట్టిన షరతులు ఇవి. ఆ జబ్బు ఉన్న ప్రతి రోగిలోనూ ఆ క్రిమి కనిపించాలి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కనిపించకూడదు. దాన్ని రోగి శరీరం నుంచి బయటికి తీసి, వేరే ఏ క్రిమీ కలవకుండా తరాల తరబడి పెంచాలి. అలా పెంచినదాన్ని ఆరోగ్యమైన జంతువుకి ఎక్కిస్తే అదే జబ్బు రావాలి. ఆ జంతువులోంచి మళ్లీ తీస్తే అదే క్రిమి దొరకాలి. ఈ చివరి షరతు కోచ్ తర్వాత వచ్చినవాళ్లు విడిగా చేర్చినది. ఇప్పుడు పుస్తకాల్లో నాలుగూ కలిపే ఉంటాయి.

వీటిని మొదట వరుసగా రాసి చూపించినది కోచ్ శిష్యుడు లోఫ్లర్, డిఫ్తీరియా మీద పని చేస్తున్నప్పుడు. వీటి వెనకున్న ఆలోచన కోచ్ గురువు హెన్లే 1840లోనే చెప్పాడు.

అంత కఠినమైన షరతులు ఎందుకు పెట్టారు?

అప్పట్లో మైక్రోస్కోపులో ఏది కనిపిస్తే అదే జబ్బుకి కారణమని ప్రకటించేసేవాళ్లు. పుండులో వంద రకాల క్రిములుంటాయి. వాటిలో ఏది దొంగో, ఏది తలుపు తెరిచి ఉంటే ఊరికే లోపలికొచ్చిందో చూపుతో తేలదు. రెండో షరతు అందుకే వచ్చింది. క్రిమిని రోగి రక్తం, చీము, కణజాలం అన్నిటి నుంచీ విడదీసి ఒంటరిగా నిలబెడితే, తర్వాత వచ్చిన జబ్బుకి బాధ్యత దానిదే అవుతుంది.

టీబీ విషయంలో కోచ్ ఇదంతా చేసి చూపించాడు. వేడితో గడ్డకట్టించిన పశువుల రక్తపు సీరం మీద క్రిమిని పెట్టి, ఒంటి వేడి దగ్గర ఉంచి, ఓపికగా చూశాడు. మిగతా క్రిములు ఒకటి రెండు రోజుల్లో మచ్చలుగా కనిపిస్తే, ఇది రెండో వారంలో గాని కంటికి ఆనలేదు. అలా పెంచినదాన్ని గినీ పిగ్‌లకు ఎక్కిస్తే వాటికి టీబీ వచ్చింది. ఈ ఫలితాల్ని 1882 మార్చి 24న బెర్లిన్‌లో చదివాడు. మార్చి 24న మనం చేసే టీబీ దినం ఆ రోజుదే.

కుష్టు క్రిమిని ఎవరు కనిపెట్టారు?

నార్వేలోని బెర్గెన్ ఊళ్లో గెర్హార్డ్ హాన్సన్ అనే వైద్యుడు, 1873లో. అంటే కోచ్ టీబీ ప్రకటన కంటే తొమ్మిదేళ్ల ముందు. రోగి ముఖం మీది గడ్డలోంచి తీసిన పదార్థంలో, రంగేమీ వేయకుండానే, పుల్లల్లాంటివి చూశాడు. మనిషికి దీర్ఘకాలం ఉండే జబ్బులో బాక్టీరియాను చూడటం దాదాపు అదే మొదలు. అయినా అతని మాట వెంటనే నిలబడలేదు. అతను చూడగలిగాడు గాని పెంచలేకపోయాడు. కుందేళ్లకు ఎక్కించి చూశాడు, ఏమీ రాలేదు.

పైగా అప్పుడు నార్వేలో పెద్ద వైద్యుల నమ్మకం వేరు. ఈ జబ్బు వంశంలో వస్తుందని బలంగా చెప్పిన డేనియల్‌సెన్ స్వయానా హాన్సన్‌కి మామగారు. ఆయన తన మాట మీద ఎంత నమ్మకంతో ఉన్నాడంటే, రోగుల గడ్డల్లోని పదార్థాన్ని తన ఒంట్లోకీ, తన దగ్గర పనిచేసేవాళ్ల ఒంట్లోకీ ఎక్కించుకున్నాడు. ఎవరికీ జబ్బు రాలేదు. దాంతో ఆయన నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఎక్కించుకున్నా రాలేదంటే క్రిమి కారణం కాదనే కదా?

ఆయన చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. కుష్టు క్రిమి ఒంట్లోకి చేరిన వంద మందిలో దాదాపు 95 మందికి జబ్బు రాదు. వాళ్ల రోగనిరోధక శక్తి దాన్ని అక్కడే అణిచేస్తుంది. జబ్బు వచ్చే కొద్దిమందికైనా మచ్చ కనిపించడానికి మామూలుగా రెండు నుంచి ఐదేళ్లు, కొందరికి ఇరవై ఏళ్లు పడుతుంది. నలుగురైదుగురికి ఎక్కించి కొన్నేళ్లు చూసి ఏమీ రాలేదంటే, దాన్నుంచి అవుననీ తేలదు, కాదనీ తేలదు.

కోచ్ మూడో షరతు వెనక ఒక ఊహ దాగి ఉంది. క్రిమి ఒక్కటి చాలు, అది చేరితే జబ్బు వస్తుంది అన్నది ఆ ఊహ. ఆంత్రాక్స్‌తో చిట్టెలుకల్లో అది నిజమే, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. కుష్టులో క్రిమి ఉండి తీరాలి, కాని క్రిమి ఒక్కటే చాలదు, లొంగే ఒళ్లు కూడా కావాలి.

మనిషికి ఎక్కించి నిరూపించడానికి ఎవరూ ప్రయత్నించలేదా?

ప్రయత్నించారు. ఆ రెండు కథలూ చెప్పడానికి నాకు బాధగానే ఉంటుంది, కాని చెప్పకుండా దాటేయకూడదు.

మొదటిది హాన్సన్‌దే. 1879 నవంబరులో, అప్పటికే ఒక రకం కుష్టుతో ఆసుపత్రిలో ఉన్న ఒక మహిళ కంట్లో, గడ్డలు వచ్చే రకం రోగి నుంచి తీసిన పదార్థంతో సూది గుచ్చాడు. ఆమెను అడగలేదు, ఎందుకు చేస్తున్నాడో చెప్పలేదు. ఆమెకు ఆ రెండో రకం జబ్బు రాలేదు, నొప్పి, భయం మాత్రం మిగిలాయి. విషయం కోర్టుకి వెళ్లింది. 1880లో తీర్పు వచ్చి, హాన్సన్ ఆ ఆసుపత్రి వైద్యుడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. శాస్త్రంలో అతను చెప్పింది నిజమే. అయినా ఆ సూది గుచ్చడం తప్పే. నిజం అతని వైపు ఉండటం వల్ల ఆ తప్పు చిన్నదైపోదు.

రెండోది హవాయిలో జరిగింది. 1884లో, మరణశిక్ష పడిన కేయాను అనే ఖైదీకి శిక్ష తగ్గిస్తామని చెప్పి, ఆర్నింగ్ అనే వైద్యుడు అతని చేతిలో కుష్టు గడ్డ ముక్క పెట్టి కుట్టాడు. మూడు నాలుగేళ్లలో కేయానుకి కుష్టు పూర్తిగా బయటపడింది. సూత్రం నెరవేరిందని చాలామంది సంబరపడ్డారు. తర్వాత విచారిస్తే తేలిందేమిటంటే, అతని దగ్గరి బంధువుల్లో అప్పటికే కుష్టు రోగులున్నారు. జబ్బు ఆ ముక్క వల్ల వచ్చిందా, ఇంటివాళ్ల నుంచి ముందే అంటుకుని ఉందా అన్నది చెప్పలేకపోయారు. జబ్బు అప్పటికే తిరుగుతున్న చోట, ఏళ్ల తరబడి దాగుండే జబ్బు మీద చేసిన ప్రయోగం ఎందుకు తేలదో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

"ఏటి బాబూ, స్మియర్‌లో పురుగు లేదన్నారు కదా. మరి మా పిల్లకి మందులెందుకు ఇస్తన్నారు?"

చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి నన్ను అడిగిన మాట ఇది. పిల్ల భుజం మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ, దాని మీద దూది తాకించినా తెలియడం లేదు. డాక్టరుగారు కుష్టు అని రాశారు. నా రిపోర్టులో మాత్రం క్రిములు లేవని ఉంది. ఆమె అడిగింది కోచ్ మొదటి సూత్రమే. జబ్బు ఉంటే క్రిమి కనపడాలి కదా?

స్మియర్ ఎలా తీస్తామో తెలిస్తే జవాబు సులువు. చెవి తమ్మెనో మచ్చ అంచునో వేళ్లతో గట్టిగా నొక్కి, రక్తం లేకుండా తెల్లబడ్డాక, బ్లేడుతో అర సెంటీమీటరు పొడవున చిన్న గాటు పెడతాం. ఆ గాటు గోడల్ని గీకితే వచ్చే రసాన్ని స్లైడ్ మీద పరిచి రంగు వేస్తాం. గ్రాము చర్మంలో దాదాపు పదివేల క్రిములకి మించి ఉంటేనే ఈ పద్ధతిలో ఒకటైనా కంటబడుతుంది. అంతకంటే తక్కువుంటే స్లైడ్ ఖాళీగానే కనిపిస్తుంది.

ఆ పిల్ల లాంటివాళ్ల ఒంట్లో రోగనిరోధక శక్తి బలంగా పోరాడుతోంది. క్రిముల్ని చాలావరకు చంపేసింది, ఆ పోరాటంలోనే నరం దెబ్బతిని స్పర్శ పోయింది. క్రిములు తక్కువ, జబ్బు మాత్రం ఉంది. దీనికి రెండో కొసన ఇంకొక రకం రోగి ఉంటాడు. అతని ఒళ్లు క్రిమిని అసలు గుర్తుపట్టదు. చెవి తమ్మెలు మందంగా అవుతాయి, స్లైడ్ పెడితే ఒక్కో ఫీల్డులో, అంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేరలో, వందల క్రిములు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఇద్దరిదీ ఒకే క్రిమి, ఒకే జబ్బు. తేడా ఒళ్లది. అందుకే ఇప్పుడు కుష్టును స్మియర్‌తో మాత్రమే తేల్చరు. స్పర్శ లేని మచ్చ ఒకటి చాలు. స్మియర్‌లో క్రిమి కనపడకపోవడం జబ్బు లేదనడానికి సాక్ష్యం కాదు.

ఆ తల్లికి ఇంత చెప్పలేదు. "అమ్మా, పొలంలో ఎలక కనపడలేదు గాని గట్టు కొరికేసింది కదా, గట్టు చూసి చెప్పాం" అన్నాను. ఆరు నెలల మందులు మానకుండా వేయించింది.

అసలు ఈ క్రిమి గాజు పలక మీద ఎందుకు పెరగదు?

చాలాకాలం మనకి సరైన ఆహారం తెలియక అనుకున్నారు. 2001లో దాని జన్యు పటం మొత్తం చదివాక అసలు సంగతి బయటపడింది. ఆ చదివిన నమూనా తమిళనాడు రోగి నుంచి వచ్చినది. టీబీ క్రిమిలో దాదాపు 4,000 జన్యువులు పనిచేస్తాయి. కుష్టు క్రిమిలో పనిచేసేవి 1,600 మాత్రమే. ఇంకో 1,100 దాకా జన్యువులు ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు చచ్చిపోయినవి, శిథిలాల్లా అక్కడే పడి ఉన్నాయి.

వేల ఏళ్లుగా మనిషి కణాల్లోపలే బతకడం అలవాటై, తన వంట తను చేసుకునే పనిముట్లన్నీ పోగొట్టుకుంది. మనం బయట ఏది వండి పెట్టినా, దాన్ని వాడుకునే పొయ్యి దాని దగ్గర లేదు. దానికి తోడు మన ఒంటి లోపలి వేడి కూడా ఆ క్రిమికి ఎక్కువే. 30 నుంచి 33 డిగ్రీల మధ్య చల్లదనం దానికి ఇష్టం. ముక్కు, చెవి తమ్మె, చేతులు, కాళ్లు, చర్మానికి దగ్గరగా ఉండే నరాలు ముందు దెబ్బతినేది ఇందుకే.

పలాస వైపు ఎర్ర ఇసుక నేలలో గుత్తులు కాసే జీడిని తెచ్చి నీళ్లు నిలిచిన వరిమడిలో పెడితే చస్తుంది. అంతమాత్రాన అది జీడి విత్తనం కాదని ఎవరూ అనరు.

అప్పుడప్పుడూ కుష్టు క్రిమిని పెంచామని వార్తలు వచ్చాయి కదా?

వచ్చాయి, ఒకసారి కాదు, చాలాసార్లు. 1958లో బొంబాయిలో కూడా ఒక ప్రయోగశాల రోగుల గడ్డల నుంచి యాసిడ్ ఫాస్ట్ క్రిమిని, అంటే మేం వేసే ఎర్ర రంగు పట్టే క్రిమిని, పెంచింది. టీబీ, కుష్టు క్రిముల కుటుంబాన్ని మైకోబాక్టీరియా అంటారు. తర్వాత పరీక్షల్లో అది అందులోనే వేరే గుంపుకి చెందినదని తేలింది. అందులో మోసమేమీ లేదు. ఈ కుటుంబపు క్రిములు మట్టిలో, కుళాయి నీళ్లలో, మనిషి చర్మం మీద మామూలుగానే ఉంటాయి. అన్నిటికీ ఎర్ర రంగే పడుతుంది. ఆరు నెలలు ఓపికగా సీసా పెట్టుకుని కూర్చుంటే, రోగి నుంచి వచ్చిన అసలు క్రిమి చచ్చిపోయి, ఎక్కడినుంచో దూరిన ఇంకొకటి చల్లగా పెరుగుతుంది.

అందుకే ఎవరైనా పెంచామంటే కొన్ని పరీక్షలు పెడతారు. మామూలు టీబీ మీడియం మీద అది పెరిగిందంటే అక్కడే అనుమానం, ఎందుకంటే అసలుది పెరగదు. పిరిడిన్ అనే ద్రావకంలో నానబెడితే అసలు కుష్టు క్రిమి ఎర్ర రంగు పట్టే గుణం కోల్పోతుంది, మిగతావి చాలావరకు కోల్పోవు. చిట్టెలుక పాదంలో ఎక్కిస్తే అది ఒక ప్రత్యేకమైన నెమ్మదితో పెరగాలి. ఇప్పుడైతే డీఎన్‌ఏ చూస్తే సరిపోతుంది. ఇప్పటివరకు వచ్చిన ఏ కల్చరూ ఇవన్నీ దాటలేదు.

మరి కల్చర్ లేకుండా కారణాన్ని ఎలా నిరూపించారు?

నా ఉద్దేశంలో ఈ పేజీలో అన్నిటికంటే నిదానంగా చదవాల్సిన జవాబు ఇదే.

1960లో అమెరికాలో షెపర్డ్ అనే శాస్త్రవేత్త చిట్టెలుక వెనక పాదాన్ని ఎంచుకున్నాడు. ఎలుక ఒంట్లో మిగతా చోట్ల కంటే పాదం చల్లగా ఉంటుంది. రోగి నుంచి తీసిన పదార్థాన్ని నూరి, మైక్రోస్కోపు కింద క్రిముల్ని లెక్కపెట్టి, సుమారు 5,000 క్రిములుండేంత చిన్న చుక్కను పాదంలోకి ఎక్కించాడు. నెలల తర్వాత ఆ పాదాన్ని నూరి మళ్లీ లెక్కపెడితే దాదాపు పది లక్షలున్నాయి. ఎక్కించింది 5,000, దొరికింది పది లక్షలు కాబట్టి అవి బతికి ఉన్నాయి, పెరిగాయి, 200 రెట్లయ్యాయి.

లెక్క చేసి చూద్దాం. 200 రెట్లు కావాలంటే ఎనిమిదిసార్లకు కాస్త తక్కువగా రెట్టింపు కావాలి. కుష్టు క్రిమి ఒకసారి రెట్టింపు కావడానికి దాదాపు 13 రోజులు. అంటే ఆగకుండా పెరిగినా వంద రోజులు. మొదట్లో కుదురుకోవడానికి పట్టే కాలం కూడా కలిపితే, ఒక్క ప్రయోగం ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆగాలి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, ఇదే పెరుగుదల దానికి మూడు గంటల లోపు పని.

ఇది కోచ్ అడిగింది కాదు. ఎలుకకి కుష్టు రాలేదు, క్రిములు పది లక్షల దగ్గర ఆగిపోయాయి. కాని దీనితో ఇంతకుముందు లేని ఒక ఆయుధం దొరికింది. క్రిమి బతికుందా, చచ్చిందా అన్నది తేల్చొచ్చు. దీన్ని ఎలా వాడారో చూడండి.

అప్పట్లో కుష్టుకి డాప్సోన్ ఒక్కటే మందు. కొందరు రోగులు ఏళ్ల తరబడి మందు వేసుకుంటున్నా మళ్లీ కొత్త గడ్డలు వచ్చేవి. సరిగ్గా వేసుకోవడం లేదని చాలామంది అనుకున్నారు. మలేషియాలోని సుంగై బులో ఆసుపత్రిలో పెటిట్, రీస్ అనే ఇద్దరు 1964లో దీన్ని తేల్చారు. అలా తిరగబెట్టిన రోగుల క్రిముల్ని ఎలుకల పాదాల్లో పెట్టి, ఎలుకల మేతలో డాప్సోన్ కలిపారు. మామూలు రోగుల క్రిములు మందు తిన్న ఎలుకల్లో పెరగలేదు. ఈ రోగుల నుంచి వచ్చిన క్రిములు మాత్రం మందు తిన్న ఎలుకల్లో కూడా పెరిగాయి.

దీని అర్థం ఒకసారి ఆలోచించండి. మందుకి క్రిమి లొంగిన చోట రోగి బాగుపడ్డాడు. క్రిమి మందుకి లొంగడం మానేసిన చోట జబ్బు తిరిగొచ్చింది. క్రిమి గుణం మారితే జబ్బు నడక దాని వెంటే మారింది. క్రిమి ఊరికే పుండులో చేరిన చుట్టమే అయితే, దాని మందు లొంగుబాటుతో రోగి గడ్డలకి ఏ సంబంధమూ ఉండకూడదు. కల్చర్ లేకుండానే కారణానికి ఇంత దగ్గరగా చేరిన సాక్ష్యం ఇది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను హాన్సన్ దగ్గర ఆగను, ఈ ఎలుకల మేత దగ్గరికి తీసుకొస్తాను.

రిఫాంపిసిన్ అనే మందు వచ్చాక ఇంకొకటి తెలిసింది. ఒక్క 600 మిల్లీగ్రాముల మోతాదు వేసుకున్న కొద్ది రోజులకే రోగి క్రిములు ఎలుక పాదంలో పెరగడం మానేశాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇమ్మని చెప్పడానికి వెనక డాప్సోన్ పాఠమూ, ఈ ఎలుక పరీక్షలూ ఉన్నాయి.

జంతువుకి నిజంగా కుష్టు రప్పించగలిగారా?

రప్పించారు. ఆర్మడిల్లో అనే అమెరికా జంతువుంది. ఒళ్లంతా పెంకులతో, మన అలుగుని తలపిస్తుంది. దాని ఒంటి వేడి 32 నుంచి 35 డిగ్రీలే. 1971లో కిర్షైమర్, స్టోర్స్ దానికి రోగి నుంచి తీసిన క్రిముల్ని ఎక్కిస్తే, మనిషికి వచ్చే తీవ్రమైన రకం లాంటి జబ్బే వచ్చింది, లోపలి అవయవాల నిండా క్రిములు నిండాయి. ఎక్కించిన ప్రతి జంతువుకీ రాలేదు, మనుషుల్లో లాగే. తర్వాత పరిశోధనలకి కావాల్సిన క్రిములన్నీ చాలావరకు వీటి కాలేయం, ప్లీహం నుంచే వచ్చాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అడవి ఆర్మడిల్లోల నుంచి మనుషులకి అంటుకుంటోందని 2011లో జన్యు పరీక్షలతో చూపించారు. మన దగ్గర ఆర్మడిల్లోలు లేవు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

గట్టిగా మాట్లాడితే ఇక్కడ కూడా రెండో సూత్రం నెరవేరలేదు. ఎక్కించింది స్వచ్ఛమైన కల్చర్ కాదు, కణజాలం నుంచి శుభ్రం చేసిన క్రిములు.

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తోంది. వంశంలో ఉన్నట్టే కదా?

తాత, తండ్రి, కొడుకు ఒకే ఇంట్లో ఉంటే ఒకే గాలి పీలుస్తారు, ఒకే రక్తం కూడా పంచుకుంటారు. ఇంట్లో గుంపుగా రావడం ఒక్కటి చూసి రెండిట్లో ఏదో చెప్పలేం. డేనియల్‌సెన్ తప్పుదారి పట్టింది అక్కడే, కేయాను ప్రయోగం చెడిపోయిందీ అక్కడే. క్రిమికి లొంగే గుణంలో కొంత వంశపారంపర్యం ఉంది. జబ్బు మాత్రం కడుపులోంచి రాదు. మందు వేసుకోని రోగితో ఏళ్ల తరబడి దగ్గరగా ఉంటే వస్తుంది. మందు మొదలుపెట్టిన రోగి త్వరలోనే ఎవరికీ అంటించడు. "వాళ్లింట్లో పెద్ద రోగం ఉంది" అని పెళ్లి సంబంధాలు తప్పించే ఊళ్లలో ఈ తేడా ఎంత విలువైనదో నేను చూశాను.

కోచ్ సూత్రాల్ని దాటేసిన క్రిములు ఇంకేమున్నాయి?

కలరా విషయంలో కోచ్‌కే ఎదురైంది. 1884లో కలకత్తాలో రోగుల పేగుల్లోనూ, వాళ్లు వాడిన చెరువు నీళ్లలోనూ క్రిమిని పట్టుకున్నాడు, పెంచాడు. ఏ జంతువుకి ఎక్కించినా మనిషికి వచ్చే కలరా రాలేదు. తర్వాత ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్ల మలంలోనూ కలరా క్రిమి కనిపించింది. మొదటి సూత్రంలోని రెండో సగాన్ని అతను పట్టుపట్టకుండా వదిలేశాడు. తన షరతులకి తనే బందీ కాలేదు, అతని మీద నాకున్న గౌరవానికి అదొక కారణం.

వైరస్‌లన్నీ బతికున్న కణం లేనిదే పెరగవు కాబట్టి రెండో సూత్రాన్ని కోచ్ చెప్పినట్టుగా దాటలేవు. 1937లో రివర్స్ అనే శాస్త్రవేత్త వాటి కోసం షరతుల్ని సవరించాడు. క్రిమి చేరితే జబ్బు రావాలన్న మూడో సూత్రానికీ పోలియో లొంగదు, ఆ వైరస్ సోకిన దాదాపు రెండు వందల మందిలో ఒకరికే కాళ్లు పడిపోతాయి. సిఫిలిస్ క్రిమిని కూడా కల్చర్‌లో పెంచలేక చాలాకాలం కుందేళ్లలోనే కాపాడుకుంటూ వచ్చారు.

ఇప్పుడు పీసీఆర్ ఉంది. ఇక కోచ్ సూత్రాలతో పనేముంది?

పీసీఆర్ చెప్పేది ఆ క్రిమి డీఎన్‌ఏ అక్కడ ఉందని మాత్రమే. 1873లో హాన్సన్ చూసినదానికి అది ఎక్కువ సున్నితమైన రూపం. కనపడింది కాబట్టి కారణం అనే పాత తొందరపాటు దానితో మళ్లీ రావచ్చు. అందుకే 1996లో ఫ్రెడ్రిక్స్, రెల్మన్ అనే ఇద్దరు డీఎన్‌ఏ సాక్ష్యం కోసం షరతులు రాశారు. దెబ్బతిన్న చోట డీఎన్‌ఏ ఎక్కువగా, ఆరోగ్యమైన చోట తక్కువగా లేదా లేకుండా ఉండాలి. జబ్బు తగ్గుతుంటే అది తగ్గాలి, తిరగబెడితే పెరగాలి. కణజాలంలో జబ్బు కనిపించే చోటే అది ఉందని కంటికి చూపించాలి. ఇవి చదివినప్పుడు నాకు సుంగై బులో ఎలుకలే గుర్తొచ్చాయి. కల్చర్ పోయింది గాని, కోచ్ అడిగిన ప్రశ్న పోలేదు.

మందుల కోర్సు పూర్తయింది. స్మియర్‌లో ఇంకా క్రిములున్నాయన్నారు. జబ్బు తగ్గలేదా?

క్రిములు ఎక్కువున్న రకం రోగులు పన్నెండు నెలల మందులు పూర్తిచేసి వచ్చి, రిపోర్టులో ఇంకా 3+ చూసి టెన్షన్ పడతారు. మనం రాసే ఈ సూచిక 6+ దాకా ఉంటుంది. 3+ అంటే ఒక్కో ఫీల్డులో సగటున ఒకటి నుంచి పది. చచ్చిన క్రిమి పెంకును ఒళ్లు చాలా నెమ్మదిగా శుభ్రం చేస్తుంది, ఏడాదికి సూచికలో సుమారు ఒక మెట్టు దిగుతుంది. 5+తో మొదలైన రోగి మందులు ఆపాక కూడా మూడు నాలుగేళ్లు క్రిములు కనిపిస్తూనే ఉంటాయి. మా స్లైడ్ చచ్చినదాన్నీ బతికినదాన్నీ ఒకే ఎరుపులో చూపిస్తుంది. అయితే చచ్చినవాటిలో రంగు ముక్కలు ముక్కలుగా, గింజలు పేర్చినట్టు పడుతుంది. బతికినవి కొస నుంచి కొసదాకా నిండుగా ఉంటాయి. అన్నీ ముక్కలైనవే అయితే నేను రిపోర్టు కింద ఆ మాట రాసేవాణ్ణి.

తగ్గుతూ వచ్చిన సూచిక మళ్లీ పెరిగినా, నిండు పుల్లలు మళ్లీ కనిపించినా, కొత్త మచ్చ వచ్చినా అప్పుడు డాక్టరుగారు తిరగబెట్టిందేమోనని చూస్తారు. పాత మచ్చ ఎర్రబడి వాచినా, మోచేతి దగ్గర నరం నొప్పెట్టినా, చిటికెన వేలు వంగుతున్నా ఆ రోజే వెళ్లాలి. అది చాలాసార్లు చచ్చిన క్రిముల మీద ఒళ్లు చేసే గొడవ. దానికిచ్చే మందు వేరు, ఆలస్యమైతే వేలు వంకర అలాగే ఉండిపోతుంది.